ఎల్ఈడీకి రెసిస్టర్: లెక్క పిన్ దగ్గర మొదలు

సూచిక దీపంగా వాడే 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్ఈడీ వెలగాలంటే దాని రెండు కాళ్ల మధ్య సుమారు 1.8 నుంచి 2 వోల్టులు ఉండాలి. అంతకంటే బాగా తక్కువుంటే కరెంటు పారినట్టే ఉండదు. ఆ హద్దు దాటాక వోల్టేజీ ఒక్క పిసరు పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. పైగా ఎల్ఈడీ వేడెక్కిన కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గిపోతుంది. అంటే వోల్టేజీని కచ్చితంగా ఒకే చోట నిలిపి ఉంచినా సరే, వేడి పెరిగితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే మళ్లీ వేడి పెరుగుతుంది. అందుకే ఎల్ఈడీని వోల్టేజీతో అదుపు చేయడానికి ఎవరూ ప్రయత్నించరు. దాని వరసలో ఒక రెసిస్టర్ పెట్టి, కరెంటు ఎంత ఉండాలో ఆ రెసిస్టర్ చేత నిర్ణయింపజేస్తారు.

రెసిస్టర్ పని సూటిగా ఉంటుంది. సప్లై ఇచ్చే వోల్టేజీలో ఎల్ఈడీ తన వాటా తీసుకుంటుంది, మిగిలింది రెసిస్టర్ మీద పడుతుంది. ఆ మిగిలిన వోల్టేజీని రెసిస్టర్ విలువతో భాగిస్తే వచ్చేదే కరెంటు. రెండూ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి ఎల్ఈడీలోనూ అంతే పారుతుంది. ఇదే కారణంగా రెసిస్టర్‌ను ఎల్ఈడీకి ముందు పెట్టినా వెనక పెట్టినా తేడా ఉండదు. కావలసిన కరెంటు తెలిస్తే విలువ ఇలా వస్తుంది:

```
R = (Vs - Vf) / I
```

ఇక్కడ Vs సప్లై వోల్టేజీ, Vf ఎల్ఈడీ తీసుకునే వోల్టేజీ, I కరెంటు. Vf ఎంతన్నది ప్రధానంగా రంగును బట్టి ఉంటుంది. కాంతి తరంగదైర్ఘ్యం తగ్గే కొద్దీ ఒక్కో కాంతి కణానికి ఎక్కువ శక్తి కావాలి, ఆ శక్తిని ఇవ్వాల్సింది వోల్టేజీయే. అందుకే ఎరుపుకు 2 వోల్టుల లోపు సరిపోతే, నీలానికి 3 వోల్టుల దాకా కావలసి వస్తుంది. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది కూడా సాధారణంగా నీలం ఎల్ఈడీయే. దాని మీద పూసిన ఫాస్ఫర్ వల్ల వెలుగు తెల్లగా కనిపిస్తుంది. కనుక దానికీ 3 వోల్టులే. ఆకుపచ్చలో మాత్రం రెండు రకాలున్నాయి. పాతకాలపు పసుపు కలిసిన ఆకుపచ్చకు 2 వోల్టుల పైచిలుకు చాలు, నిండు ఆకుపచ్చకు నీలంతో సమానంగా కావాలి. చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకపోతే మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి చూడవచ్చు. ఎర్రది 1.7 లేదా 1.8 చూపిస్తుంది. నీలానికి కొన్ని మీటర్ల వోల్టేజీ చాలదు, అప్పుడు ఏ అంకెా రాకపోవడమే ఒక సమాచారం.

ఆర్డ్యునో ఊనో బోర్డు మీద ఒక ఎర్ర ఎల్ఈడీ వెలిగించే సందర్భాన్ని తీసుకుంటే, సప్లై 5 వోల్టులు, ఎల్ఈడీకి 2 వోల్టులు పోను రెసిస్టర్ మీద 3 వోల్టులు మిగులుతాయి. 10 మిల్లీఆంపియర్లు కావాలనుకుంటే 3ని 0.010తో భాగించాలి, 300 ఓమ్‌లు వస్తాయి. దుకాణంలో సులువుగా దొరికే వరసలో 270 తర్వాత 330 ఉంటుంది. ఇలాంటప్పుడు పై విలువనే తీసుకోవాలి, కరెంటు కాస్త తగ్గడం వల్ల పోయేదేమీ లేదు. 330 ఓమ్‌ల రెసిస్టర్ మీద నారింజ, నారింజ, గోధుమ రంగు పట్టీలు, చివర బంగారు పట్టీ ఉంటాయి. దానితో కరెంటు 9 మిల్లీఆంపియర్లు. రెసిస్టర్‌లో వేడిగా మారేది 3 వోల్టులు, 9 మిల్లీఆంపియర్ల లబ్ధం, అంటే 27 మిల్లీవాట్లు. మామూలు పావు వాట్ రెసిస్టర్ 250 మిల్లీవాట్ల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి ఆ వైపు చింత లేదు.

ఇంతకీ 10 మిల్లీఆంపియర్లు ఎందుకు? చాలా పుస్తకాల్లో 20 అని ఉంటుంది. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీల డేటాషీట్లలో వెలుగును 20 మిల్లీఆంపియర్ల దగ్గర కొలిచి చెబుతారు, నిరంతరం పారగల గరిష్ఠ కరెంటు కూడా తరచుగా అటూఇటూ అంతే ఉంటుంది. ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవడమంటే ఎల్ఈడీని ఎప్పుడూ దాని గరిష్ఠ స్థాయిలోనే నడపడం. సూచిక దీపం పని గదిని వెలిగించడం కాదు, తాను వెలుగుతున్నానని చెప్పడం. కంటికి కనిపించే ప్రకాశం కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు సగానికి తగ్గించినా వెలుగు కొంచెమే తగ్గినట్టు అనిపిస్తుంది. ఇప్పుడొచ్చే ప్రకాశవంతమైన ఎల్ఈడీలు గదిలో 1 లేదా 2 మిల్లీఆంపియర్లకే స్పష్టంగా కనిపిస్తాయి. 5 వోల్టుల దగ్గర 1 కిలో ఓమ్ పెడితే ఎర్ర ఎల్ఈడీలో 3 మిల్లీఆంపియర్లు పారతాయి, రాత్రిపూట పక్కన పెట్టుకునే పరికరానికి అదే ఎక్కువనిపించవచ్చు. చేతికి ఏ విలువ వేయాలో తోచనప్పుడు 1 కిలో ఓమ్‌తో మొదలుపెట్టి, వెలుగు చాలకపోతే తగ్గించుకుంటూ రావడం 220తో మొదలుపెట్టడం కంటే మేలైన అలవాటు.

తక్కువ కరెంటును ఎంచుకోవడానికి ఇంకా బలమైన కారణం ఎల్ఈడీలో లేదు, పిన్‌లో ఉంది. ఊనో బోర్డు మీది ఏటీమెగా328పి చిప్ డేటాషీట్‌లో ఒక్కో పిన్‌కు 40 మిల్లీఆంపియర్లు అన్న అంకె కనిపిస్తుంది. ఎక్కువమంది అక్కడే ఆగిపోయి, 40 దాకా వాడుకోవచ్చని అనుకుంటారు. ఆ అంకె ఉన్న పట్టిక శీర్షిక చదవాలి. అది గరిష్ఠ పరిమితుల పట్టిక. వాటిని దాటితే చిప్ శాశ్వతంగా పాడుకావచ్చని, ఆ పరిమితుల దగ్గర చాలాసేపు ఉంచినా మన్నిక దెబ్బతినవచ్చని తయారీదారు చెప్పే హెచ్చరిక అది. చిప్ సరిగ్గా పనిచేస్తుందన్న హామీ అందులో లేదు. ఆ హామీ వేరే పట్టికలో ఉంటుంది. 5 వోల్టుల సప్లైతో, 20 మిల్లీఆంపియర్లు లాగుతున్నప్పుడు కూడా పిన్ వోల్టేజీ 4.2 కంటే దిగదని అక్కడ రాసి ఉంటుంది. రూపకల్పనకు ఆధారం చేసుకోవలసింది ఆ 20నే. సూచిక దీపానికైతే అందులో సగం చాలు.

ఆ రెండో పట్టికలో ఇంకో విషయం దాగి ఉంది. పిన్ వెనక ఉన్నది ఒక చిన్న ట్రాన్సిస్టర్, దానికీ కొంత నిరోధం ఉంటుంది. ఏటీమెగా328పిలో అది మామూలుగా 25 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే 330 ఓమ్‌ల లెక్కలో మరో 25 కలుస్తాయి, నిజంగా పారేది 9 బదులు ఎనిమిదిన్నర మిల్లీఆంపియర్లు. ఈ తేడా పట్టించుకోవలసినది కాదు. అయితే రెసిస్టర్ లేకుండా ఎల్ఈడీని నేరుగా పిన్‌కు, గ్రౌండ్‌కు మధ్య గుచ్చితే కరెంటును ఆపడానికి మిగిలేది ఆ 25 ఓమ్‌లు, ఎల్ఈడీ లోపలి కొద్దిపాటి నిరోధం మాత్రమే. కరెంటు 40 మిల్లీఆంపియర్ల పరిమితిని సునాయాసంగా దాటేస్తుంది. చిక్కేమిటంటే, చాలాసార్లు ఏమీ జరగదు. ఎల్ఈడీ ధగధగా వెలుగుతుంది, బోర్డు పనిచేస్తూనే ఉంటుంది. దాంతో రెసిస్టర్ అనవసరమన్న నమ్మకం కుదురుతుంది. ఆ సమయంలో వేడి భరిస్తున్నది ఎల్ఈడీలోని సన్నని పొర, పిన్ వెనకున్న ట్రాన్సిస్టర్. మొదటిది మసకబారుతూ పోతుంది. రెండోది పాడైతే ఆ పిన్ ఒక్కటే ప్రోగ్రామ్ ఏం చెప్పినా కదలకుండా ఉండిపోతుంది, మిగతా పిన్‌లు బాగానే పనిచేస్తుంటాయి. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందనుకుని గంటలు వెతికేది ఇలాంటి చోటే.

పిన్ పరిమితి తర్వాత చిప్ మొత్తం పరిమితి వస్తుంది. పిన్‌లన్నిటి గుండా బయటికి పోయే కరెంటు చిప్‌లోకి వచ్చేది ఒకటి రెండు సప్లై కాళ్ల ద్వారానే. ఏటీమెగా328పికి ఆ సప్లై, గ్రౌండ్ కాళ్ల గరిష్ఠ పరిమితి 200 మిల్లీఆంపియర్లు. ఇదీ దాటకూడని గీతే, చేరుకోవలసిన గమ్యం కాదు. పది ఎల్ఈడీలకు తలా 20 ఇస్తే సరిగ్గా ఆ గీత మీద నిలబడినట్టే. ఒక్కో పిన్‌ను విడిగా చూస్తే అన్నీ క్షేమంగానే కనిపిస్తాయి, మొత్తం కూడితేనే ప్రమాదం బయటపడుతుంది. ఆ పదింటికీ 1 కిలో ఓమ్ చొప్పున పెడితే మొత్తం 30 మిల్లీఆంపియర్లతో పని జరిగిపోతుంది.

ఈ కూడిక ఎంత ముఖ్యమో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ ల్యాబుల్లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న 8051 కుటుంబపు చిప్‌ల దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. వాటిలో ఒకటైన ఏటీ89ఎస్52ను తీసుకుంటే, దాని పోర్ట్ 1 పిన్‌లు 1 స్థితిలో బయటికి ఇవ్వగలిగేది నామమాత్రపు కరెంటు. 60 మైక్రోఆంపియర్లు లాగితేనే పిన్ వోల్టేజీ 2.4కు పడిపోవచ్చని డేటాషీట్ చెబుతుంది. 60 మైక్రోఆంపియర్లంటే 1 మిల్లీఆంపియర్‌లో సుమారు పదిహేడో వంతు. ఊనోకు అలవాటుపడినవారు అదే పద్ధతిలో పిన్ నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ, గ్రౌండ్ అని కలిపితే దీపం వెలిగీ వెలగనట్టు ఉంటుంది, ఎల్ఈడీ పాడైందేమోనన్న అనుమానం వస్తుంది. ఈ చిప్‌తో ఎల్ఈడీని తిరగేసి కలపాలి. పొడవు కాలు రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు, పొట్టి కాలు పిన్‌కు. పిన్ 0 అయినప్పుడు కరెంటు సప్లై నుంచి ఎల్ఈడీ గుండా పిన్‌లోకి దిగి గ్రౌండ్‌కు పోతుంది. ప్రోగ్రామ్‌లో 0 రాస్తే దీపం వెలుగుతుంది, 1 రాస్తే ఆరుతుంది.

అలా లోపలికి దిగే కరెంటుకు కూడా హద్దులున్నాయి. ఒక్కో పిన్‌కు 10 మిల్లీఆంపియర్లు. అంతవరకు చూస్తే 330 ఓమ్‌లు సరిపోయేలా ఉంది. కానీ పోర్ట్ 1లోని ఎనిమిది పిన్‌లూ కలిపి 15 మిల్లీఆంపియర్లు మించకూడదు. ఎనిమిది ఎల్ఈడీలు ఒకేసారి వెలిగితే ఒక్కోదానికి దక్కేది రెండు మిల్లీఆంపియర్ల కంటే తక్కువ. ఆ కొద్ది కరెంటు దగ్గర ఎర్ర ఎల్ఈడీ సుమారు 1.8 వోల్టులు తీసుకుంటుంది, పిన్ దగ్గర మరో 0.3 వోల్టు మిగిలిపోతుందని అనుకుంటే రెసిస్టర్ మీద 2.9 వోల్టులుంటాయి. 1.5 కిలో ఓమ్ పెడితే ఒక్కోదానిలో 1.93, ఎనిమిదింటికీ కలిపి పదిహేనున్నర, హద్దు దాటిపోయింది. తర్వాతి విలువ 1.8 కిలో ఓమ్. దానితో ఒక్కోదానిలో 1.6, మొత్తం 13 మిల్లీఆంపియర్లకు కొంచెం తక్కువ. ఇందులో ఒక చక్కని పొంతన ఉంది. పిన్ వోల్టేజీ 0.45 దాటదని తయారీదారు హామీ ఇచ్చేది కూడా 1.6 మిల్లీఆంపియర్ల దగ్గరే. ప్రకాశవంతమైన ఎల్ఈడీలను ఎంచుకుంటే ఈ కరెంటుకే వరస మొత్తం స్పష్టంగా కనిపిస్తుంది. పాతకాలపు మసక ఎల్ఈడీలే ఉంటే పోర్టుకు, ఎల్ఈడీలకు మధ్య ట్రాన్సిస్టర్లు పెట్టాల్సిందే. 330 ఓమ్‌లతో సర్దుకుపోవడం మాత్రం సరైన దారి కాదు.

3.3 వోల్టుల చిప్‌లతో చిక్కు ఇంకోలా వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు మీది ఆర్‌పీ2040 చిప్ పిన్‌లు మొదట 4 మిల్లీఆంపియర్ల స్థాయిలో అమరి ఉంటాయి, ప్రోగ్రామ్ ద్వారా దాన్ని 12 దాకా పెంచుకోవచ్చు. ఈ అమరిక కరెంటును అక్కడ ఆపేస్తుందని, కాబట్టి రెసిస్టర్ అక్కర్లేదని అనుకోవడం పొరపాటు. అంత కరెంటు దాకా పిన్ వోల్టేజీ హామీ ఇచ్చిన హద్దులో ఉంటుందన్నదే దాని అర్థం, అంతకు మించి లాగితే అడ్డుకునేదేమీ లేదు. పిన్‌లన్నిటికీ కలిపి 50 మిల్లీఆంపియర్ల పరిమితి ఉంది. ఎర్ర ఎల్ఈడీకి ఇక్కడ 1.3 వోల్టులు మిగులుతాయి, 330 ఓమ్‌లతో 4 మిల్లీఆంపియర్లు, అంతా సవ్యంగా ఉంటుంది. నీలం ఎల్ఈడీకి మాత్రం లెక్క పట్టు తప్పుతుంది. ఒకే సంచిలోని రెండు నీలం ఎల్ఈడీల్లో ఒకటి 2.8, మరొకటి 3.1 తీసుకుంటే, 100 ఓమ్‌ల రెసిస్టర్‌తో మొదటిదానిలో 5 మిల్లీఆంపియర్లు, రెండోదానిలో 2 పారతాయి. రెసిస్టర్ మీద మిగిలే వోల్టేజీ బాగా తక్కువైనప్పుడు కరెంటును నిర్ణయించేది రెసిస్టర్ కాదు, ఎల్ఈడీల మధ్య ఉన్న చిన్న చిన్న తేడాలు. వెలుగు హెచ్చుతగ్గులు పరవాలేదనుకుంటే అలాగే వదిలేయవచ్చు. అన్నీ ఒకేలా వెలగాలంటే ఎల్ఈడీలకు 5 వోల్టులు ఇచ్చి, పిన్ చేత ట్రాన్సిస్టర్‌ను మాత్రమే నడిపించాలి.

ఇదే కారణంతో రెండు మూడు ఎల్ఈడీలను పక్కపక్కన కలిపి, అన్నిటికీ ఒకే రెసిస్టర్ పెట్టడం కూడా పనికిరాదు. తక్కువ వోల్టేజీకే వెలిగేది కరెంటులో పెద్ద భాగం తానే లాక్కుంటుంది. ఎర్రది, నీలం పక్కపక్కన ఉంటే ఎర్రదొక్కటే వెలుగుతుంది, నీలం మొత్తానికే వెలగదు. అంకెలు చూపే ఏడు గీతల డిస్‌ప్లేలో ఉమ్మడి కాలికి ఒక్క రెసిస్టర్ పెట్టినప్పుడు ఈ తప్పు బాగా కనిపిస్తుంది. 1 చూపించేటప్పుడు రెండు గీతలే వెలగాలి, అవి కాంతివంతంగా ఉంటాయి. 8 వచ్చేసరికి అదే కరెంటును ఏడు గీతలు పంచుకుని మసకబారతాయి. ప్రతి గీతకు విడిగా ఒక రెసిస్టర్ పెడితే ఏ అంకె వచ్చినా వెలుగు మారదు.

అయితే ఆ డిస్‌ప్లే ఉమ్మడి కాలిని ఎక్కడికి కలుపుతున్నారో కూడా చూసుకోవాలి. చుక్కతో కలిపి ఎనిమిది గీతలు, ఒక్కోదానిలో ఎనిమిదిన్నర మిల్లీఆంపియర్లు అనుకుంటే ఉమ్మడి కాలిలో పారేది 68. ఉమ్మడి కాలు నేరుగా గ్రౌండ్‌కు పోతే ఇబ్బంది లేదు. రెండు మూడు అంకెల డిస్‌ప్లేలో అంకెను ఎంచుకోవడానికి ఆ కాలిని ఊనో పిన్‌కు కలిపితే, ఒక్క పిన్ మీద 68 మిల్లీఆంపియర్లు పడతాయి. గీతల వైపు ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా ఈ పిన్ దగ్గర 40 దాటిపోయింది. ఇక్కడ బీసీ547 లాంటి ట్రాన్సిస్టర్ పెట్టాలి. ఉమ్మడి కాలు కలెక్టర్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు, పిన్ నుంచి 1 కిలో ఓమ్ ద్వారా బేస్‌కు. బేస్ దగ్గర 0.7 వోల్టు పోను మిగిలిన 4.3 వోల్టులకు పిన్ ఇవ్వాల్సింది 4.3 మిల్లీఆంపియర్లే, 68ని అదుపు చేయడానికి అది చాలు. బీసీ547 హద్దు 100 మిల్లీఆంపియర్లు కాబట్టి అదీ ఇబ్బంది పడదు.

లెక్క సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి వైరు విప్పి కరెంటు కొలవనక్కర్లేదు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి రెసిస్టర్ రెండు కాళ్ల మధ్య చూడాలి. 330 ఓమ్‌ల మీద 2.8 వోల్టులు కనిపిస్తే కరెంటు ఎనిమిదిన్నర మిల్లీఆంపియర్లు. తర్వాత ఎర్ర కొనను పిన్ మీద, నల్ల కొనను గ్రౌండ్ మీద ఉంచాలి. 4.8 దరిదాపుల్లో ఉంటే పిన్ హాయిగా ఉంది. సప్లై 5 వోల్టులు ఉండగా పిన్ 4.2కో, అంతకంటే కిందికో దిగితే అది ఇవ్వదగిన దానికంటే ఎక్కువ ఇస్తోందని అర్థం.

పిన్ దగ్గర వోల్టేజీ బాగా పడిపోయి, దీపం కూడా మిణుకుమిణుకుమంటూ ఉంటే అది వేరే లోపం. ఊనోలో ఇది తరచుగా ఇలాంటి ప్రోగ్రామ్ వల్ల వస్తుంది:

```
void setup() {
  digitalWrite(8, HIGH);
}
void loop() {}
```

పిన్‌ను అవుట్‌పుట్‌గా ప్రకటించలేదు. ఇన్‌పుట్‌గా ఉన్న పిన్‌కు HIGH రాస్తే చిప్ లోపల 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉండే పుల్‌అప్ రెసిస్టర్ ఒకటి కలుస్తుంది. ఎల్ఈడీకి దాని గుండా అందేది మిల్లీఆంపియర్‌లో పదో వంతు అటూఇటూ. 330 ఓమ్‌ల మీద మీటర్ 2.8 వోల్టులకు బదులు 20 నుంచి 50 మిల్లీవోల్టులు చూపిస్తుంది, పిన్ దగ్గర రెండు వోల్టులైనా ఉండదు. ఈ అంకెలు కనిపించాక రెసిస్టర్ విలువ తగ్గించడం వృథా, ఎందుకంటే కరెంటును ఆపుతున్నది ఆ రెసిస్టర్ కాదు. `setup()` మొదట్లో `pinMode(8, OUTPUT);` అన్న ఒక్క వరస చేర్చితే మీటర్ మళ్లీ 2.8 దగ్గరికి వస్తుంది.